7 రోజుల ఎల్‌ఓపీకి 10,500 కోత: 22తో భాగించి 7తో గుణిస్తారా?

నెలాఖరు
నెల జీతం 33,000. శని, ఆదివారాలు సెలవు. పోయిన నెల 30 రోజులది, 1వ తేదీ సోమవారం పడింది. 11 గురువారం నుంచి 17 బుధవారం దాకా రాలేదు. ఉన్న సెలవులు అయిపోయాయి కాబట్టి అది జీతం లేని సెలవే, అందులో పేచీ లేదు. పే స్లిప్‌లో మాత్రం ఎల్‌ఓపీ 7 రోజులు, కోత 10,500 అని ఉంది. అడిగితే "ఈ నెల పని రోజులు 22. 33,000ని 22తో భాగిస్తే రోజుకు 1,500. ఏడు రోజులకు 10,500" అన్నారు. కాలిక్యులేటర్ మీద కొడితే అంతే వస్తోంది. కానీ జీతంలో దాదాపు మూడో వంతు పోయింది, నేను మానేసింది నెలలో మూడో వంతు కాదు కదా. తేడా ఎక్కడ కొడుతోంది?

ఇరవయ్యారు
22 ఏంటండీ, తప్పు. రోజు జీతం అంటే ఎవరికైనా 26తో భాగించడమే. 33,000 బై 26, రోజుకు 1,269 చిల్లర. ఏడు రోజులకు 8,884.62 కోయాలి. మిగతాది వెనక్కి అడగండి.

పేస్లిప్ పురాణం
నెలకు 26 రోజులు ఏ పంచాంగంలో ఉన్నాయి సార్

హాజరుపట్టీ
నెలాఖరు గారూ, మీ కంపెనీ వాళ్లు "రోజు" అనే మాటను ఒకే లెక్కలో రెండు అర్థాల్లో వాడారు. 22 అన్నప్పుడు శని, ఆదివారాలు తీసేశారు. 7 అన్నప్పుడు 13, 14 తేదీల శని, ఆదివారాలను మళ్లీ కలిపేశారు. కింద లేని రోజు పైన ఎలా ఉంటుంది?

సెలవు రోజులు కలిపి లెక్కేస్తే పైనా కిందా కలపాలి. అప్పుడు 33,000ని 30తో భాగిస్తే రోజుకు 1,100, ఏడు రోజులకు 7,700. కలపకపోతే రెండు చోట్లా వదిలేయాలి. అప్పుడు 22తో భాగిస్తే 1,500, మీరు రాని పని రోజులు ఐదే (గురు, శుక్ర, సోమ, మంగళ, బుధ), కాబట్టి 7,500. రెండు లెక్కలూ 200 తేడాతో దగ్గర దగ్గరగా వచ్చాయి, రావాలి కూడా. మీ వాళ్లది 10,500 అయింది.

ఇదే కలగాపులగం అటువైపు నుంచి చేస్తే, అంటే 30తో భాగించి 5తో గుణిస్తే, కోత 5,500 మాత్రమే. అప్పుడు కంపెనీ నష్టపోతుంది. అలా జరిగినప్పుడు ఎవరూ ఇక్కడికొచ్చి పోస్టు పెట్టరు, అంతే తేడా.

సగంజీతం
చివరి లైను 😂

ఇరవయ్యారు
సరే, మరి 26 ఊరికే పుట్టిందా? మా పేరోల్ మొత్తం 26 మీదే నడుస్తుంది, పదిహేనేళ్లుగా ఎవరూ తప్పనలేదు.

హాజరుపట్టీ
ఊరికే పుట్టలేదు. వారానికి ఆరు రోజులు పని ఉన్న చోట ఏడాదికి 52 ఇంటూ 6, అంటే 312 పని రోజులు. 12 నెలలకు పంచితే నెలకు సరిగ్గా 26. మీ దగ్గర ఆదివారం ఒక్కటే సెలవైతే 26 మీకు సరిపోతుంది, ఆదివారాలను ఎల్‌ఓపీలో లెక్కపెట్టనంత వరకు. ఐదు రోజుల వారానికి అదే లెక్క వేస్తే 260 బై 12, అంటే 21.67 వస్తుంది. 365లోంచి 104 తీసేసి 261తో చేసేవాళ్లకు 21.75. నెలాఖరు గారిది ఐదు రోజుల వారం, ఆయన దగ్గర 26కి చోటే లేదు. మీరు పైన వేసిన 8,884.62లో కూడా ఆయన శని, ఆదివారాలు కలిసే ఉన్నాయి చూడండి. ఆరు రోజుల వారానికి పుట్టిన హారం మీద ఏడు రోజుల వారం లెక్క పెట్టారు.

ఇరవయ్యారు
ఆ 7 దగ్గర నేనూ జారానే. ఒప్పుకుంటున్నా. ఆరు రోజుల వారానికి 26 అన్న మాట మీద మాత్రం ఉన్నా.

కొత్తఉద్యోగి
ఇదే లెక్క మిగిలిపోయిన సెలవులకు డబ్బులిచ్చేటప్పుడు కూడానా? నాకు 12 సెలవులు మిగిలాయి, ఎంత వస్తుంది?

పేస్లిప్ పురాణం
ఇక్కడ కోత గురించి ఏడుస్తుంటే మీరు రాబడి గురించి అడుగుతున్నారు. వేరే టాపిక్ తెరవండి బాబూ

హాజరుపట్టీ
కొత్తఉద్యోగి గారూ, అది వేరే లెక్క. దానికి ఏ హారం వాడాలో, బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది మీ సెలవుల పాలసీలో విడిగా రాసి ఉంటుంది. ఎల్‌ఓపీ హారాన్ని తీసుకెళ్లి అక్కడ పెట్టకండి. అక్కడిది తెచ్చి ఇక్కడ పెట్టడం ఇంకా ప్రమాదం, 26 చాలామంది చేతికి అలాగే అంటుకుంటుంది.

టోటల్‌సెల్
ఏ పద్ధతి తీసుకున్నా తప్పు పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది, నేను కొత్త షీటు చేసినప్పుడల్లా మొదట అదే నడుపుతాను. ఉద్యోగి నెల మొత్తం రాలేదనుకోండి. చేతికొచ్చేది సరిగ్గా సున్నా రావాలి. మైనస్ వచ్చినా, ఎంతో కొంత మిగిలినా హారానికీ రోజుల లెక్కకూ పొంతన లేదన్నమాట.

నెలాఖరు గారి కంపెనీ పద్ధతిలో నెలంతా రాకపోతే 1,500 ఇంటూ 30, అంటే 45,000 కోత. జీతం 33,000. ఉద్యోగే ఎదురు 12,000 కట్టాలి.

సగంజీతం
ఉద్యోగం చేస్తూ ఫీజు కట్టడం అంటే ఇదే

ముప్పైస్థిరం
ఈ పరీక్ష బాగుంది కానీ మా పద్ధతి కూడా ఫెయిలవుతోంది. ఏ నెలైనా 30తోనే భాగిస్తాం, 31 రోజులున్నా ఫిబ్రవరైనా. రోజు రేటు ఏడాదంతా మారదు, ఉద్యోగికి చెప్పడం తేలిక. ఇందులో తప్పేంటి?

టోటల్‌సెల్
ఒకటి రెండు రోజుల కోతకు తప్పేం లేదు. చివర్లకు వెళ్తేనే బొక్క బయటపడుతుంది. అదే 33,000 జీతం మీద 31 రోజుల నెలలో మొత్తం రాకపోతే కోత 34,100, అంటే జీతం కంటే 1,100 ఎక్కువ. 28 రోజుల ఫిబ్రవరిలో మొత్తం రాకపోతే కోత 30,800, ఒక్క రోజు పని చేయకుండా 2,200 చేతికి. అన్నిటికంటే చెడ్డది మధ్యలో ఉంది: 31 రోజుల నెలలో 30 రోజులు రాకుండా ఒక్క రోజు వచ్చినవాడికి చేతికి సున్నా. ఆ రోజు పని ఉచితం.

ముప్పైస్థిరం
దానికి మా దగ్గర విరుగుడు ఉంది. రాని రోజులు 15 దాటితే కోత లెక్క ఆపేసి, వచ్చిన రోజులకు (వీక్లీ ఆఫ్‌లు కలిపి) 1,100 చొప్పున ఇస్తాం. మీరు చెప్పిన మనిషికి ఒక రోజుకి 1,100 వస్తుంది. నెలంతా రానివాడికి సున్నా. పరీక్ష పాస్.

టోటల్‌సెల్
చివర్లు బాగయ్యాయి. అతుకు దగ్గర చూడండి. 31 రోజుల నెలలో 15 రోజులు రానివాడికి 16,500 కోత, చేతికి 16,500. 16 రోజులు రానివాడికి వచ్చిన 15 రోజులకు అదే 16,500. పదహారో రోజు ఊరికే పోయింది, కోత లేదు. ఇది చిన్నదే అనుకుందాం. ఫిబ్రవరిలో 15 రోజులు రానివాడికి చేతికి 16,500. 16 రోజులు రానివాడికి వచ్చినవి 12 రోజులే కాబట్టి 13,200. ఒక్క రోజు ఎక్కువ మానేసినందుకు మూడు రోజుల జీతం, 3,300 పోయింది.

ముప్పైస్థిరం
ఫిబ్రవరి అతుకు ఇంతవరకు ఎవరికీ తగల్లేదు లెండి.

హాజరుపట్టీ
తగిలిన రోజున వివరించడం కష్టం అవుతుంది. స్థిర 30 పెట్టుకున్నాక అతుకు ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది, దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే మన చేతిలో ఉంటుంది. ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితో భాగిస్తే అతుకే ఉండదు. దానికి బదులు నెలనెలా రోజు రేటు మారుతుంది: 33,000కి 31 రోజుల నెలలో 1,064.52, 28 రోజుల నెలలో 1,178.57. ఫిబ్రవరిలో సెలవు పెట్టినవాడు "నాకెందుకు ఎక్కువ కోశారు" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక, పైన చెప్పిన 3,300కి కష్టం. ఇది నా అభిప్రాయం, 30తో హాయిగా బతికే ఆఫీసులూ చాలానే ఉన్నాయి.

శుక్రవారం_సెలవు
నెలలోని మొత్తం రోజులతో భాగిస్తే ఉద్యోగికే లాభం కదా? శుక్రవారం ఒక్కరోజు మానేస్తే 1,100 పోతుంది. పని రోజుల లెక్కలో అయితే 1,500. అందుకే ఈ సందేహం.

హాజరుపట్టీ
మంచి చోట పట్టుకున్నారు. విడి విడి రోజులకు మీరు చెప్పింది నిజమే. ఆ 1,100 లెక్కలో శని, ఆదివారాలకు కూడా జీతం ఉన్నట్టు అర్థం, మీరు శుక్రవారం మానేసినా ఆ రెండు రోజుల జీతం మీకు వచ్చేస్తోంది. ఇప్పుడు టోటల్‌సెల్ గారి పరీక్ష పెట్టండి. నెలాఖరు గారి నెలలోనే 22 పని రోజులూ ఒక్కటి వదలకుండా మానేసి, వీక్లీ ఆఫ్‌లు లెక్కపెట్టలేదనుకుందాం. కోత 22 ఇంటూ 1,100, అంటే 24,200. ఒక్క రోజు రాకుండా 8,800 చేతికి.

అందుకే మొత్తం రోజులతో భాగించే చోట, రెండు ఎల్‌ఓపీ రోజుల మధ్య పడిన వీక్లీ ఆఫ్‌లను కూడా ఎల్‌ఓపీగా లెక్కపెడతారు. ఆ నెల సోమవారం మొదలై మంగళవారం ముగిసింది, ఎనిమిది ఆఫ్‌లూ మధ్యలోనే పడ్డాయి. వాటిని కలిపితే 30 రోజులు, 33,000 కోత, చేతికి సున్నా.

శుక్రవారం_సెలవు
అంటే శుక్రవారం, సోమవారం రెండు రోజులు మానేస్తే నాలుగు రోజుల కోత. 4,400! పని రోజుల లెక్కలో 3,000 అయ్యేది. ఇది అన్యాయం.

సగంజీతం
అదే వారంలో సోమవారం, శుక్రవారం మానేయండి, 2,200తో బయటపడతారు. చిట్కా ఉచితం

హాజరుపట్టీ
సగంజీతం సరదాగా అన్నా, ఆ పద్ధతిలో ఉన్న లోపం అదే. మానేసింది రెండే పని రోజులు, అవి ఎక్కడ పడ్డాయన్న దాన్ని బట్టి 2,200 లేదా 4,400. పని రోజుల లెక్కలో ఎక్కడ పడినా 3,000. నన్నడిగితే కొత్తగా పాలసీ రాసేవాళ్లు ఆ నెల అసలు పని రోజులతో భాగించి, మానేసిన పని రోజులతో గుణించడమే మేలు. మధ్యలో పడిన ఆదివారం గురించి ఎవరితోనూ వాదించనక్కర్లేదు.

ముప్పైస్థిరం
పని రోజులతో భాగిస్తే రేటు 20 నుంచి 23 రోజుల మధ్య ఊగుతుంది. 33,000కి 20 రోజుల నెలలో 1,650, 23 రోజుల నెలలో 1,434.78. ఫిబ్రవరి గొడవ ఏడాదికి ఒక్కసారి, ఇది ప్రతి నెలా. పైగా షిఫ్టులవాళ్లకు మనిషికో రకం వీక్లీ ఆఫ్. మనిషికో హారం పెడతారా?

హాజరుపట్టీ
షిఫ్టులవాళ్ల విషయంలో మీ మాటకు ఎదురు లేదు. రోస్టర్ ముందే ఖరారు కాని చోట పని రోజుల హారం పెట్టకూడదు. నెల మధ్యలో రోస్టర్ మార్చితే కోత కూడా మారిపోతుంది.

గళ్లనోటు
పని రోజుల పద్ధతికి షీటులో ఏం రాయాలి? మాది చిన్న ఆఫీసు, చేత్తో లెక్కపెడుతున్నాం. పండగ సెలవులు 22లో ఉంటాయా, తీసేయాలా?

టోటల్‌సెల్
A2లో నెల 1వ తేదీ, B2లో జీతం, C2లో హారం, D2లో ఎల్‌ఓపీ రోజులు అనుకోండి. C2లో, శని ఆదివారాలు సెలవైతే:

```
=NETWORKDAYS.INTL(A2,EOMONTH(A2,0),1)
```

ఆదివారం ఒక్కటే సెలవైతే చివరి 1 బదులు 11. కోత గడిలో:

```
=ROUND(B2*D2/C2,2)
```

గుణకారం ముందు, భాగహారం తర్వాత, రౌండు చేయడం ఆఖర్న ఒక్కసారే. చాలామంది రోజు రేటును ముందే రౌండు చేసి ఒక గడిలో దాస్తారు. 31తో భాగించే చోట 1,064.516ని 1,065 చేసి 31తో గుణిస్తే 33,015, జీతం కంటే 15 ఎక్కువ. పరీక్షలో చిల్లర తేడా కనబడితే ముందు ఇక్కడే వెతకండి.

పండగ సెలవులకు కూడా ఇందాకటి సూత్రమే. పైన రాసినదాంట్లో పండగ జాబితా ఇవ్వలేదు, కాబట్టి జీతంతో కూడిన పండగ సెలవు 22లోనే ఉంది. ఆ సెలవు ఎల్‌ఓపీ మధ్యలో పడితే దాన్ని కూడా D2లో లెక్కపెట్టాలి. వద్దనుకుంటే పండగ తేదీల గళ్లను నాలుగో విలువగా ఇవ్వండి, హారం 21 అవుతుంది, అప్పుడు D2లోనూ దాన్ని వదిలేయాలి. గొడవంతా C2 ఫార్ములా ఇచ్చి D2ని వేరొకరు చేత్తో నింపినప్పుడు వస్తుంది. D2ని కూడా అదే NETWORKDAYS.INTLతో, సెలవు మొదటి తేదీ, చివరి తేదీ ఇచ్చి, అదే వీకెండ్ నంబరు, అదే జాబితాతో తీస్తే పొంతన దానంతటదే ఉంటుంది.

గళ్లనోటు
మా D2 సెక్యూరిటీ రిజిస్టర్ చూసి నింపుతారు. అర్థమైంది ఎక్కడ పోతోందో 🙏

పేస్లిప్ పురాణం
కోత బేసిక్ మీదా, మొత్తం గ్రాస్ మీదా? మా వాడు బేసిక్ మీదే అంటాడు.

టోటల్‌సెల్
మళ్లీ అదే పరీక్ష. బేసిక్ మీద మాత్రమే కోస్తే నెలంతా రానివాడికి అలవెన్సులు అలాగే వచ్చేస్తాయి. నెలనెలా ఒకే మొత్తంగా వచ్చే ప్రతి భాగాన్నీ అదే నిష్పత్తిలో కోయాలి. ఇన్సెంటివ్‌లాగా చేసిన పనికి వచ్చేది అందులో కలపకూడదు, అది రానప్పుడు ఎలాగూ రాదు.

నెలాఖరు
అందరి లెక్కలూ పెట్టి మెయిల్ రాశాను. పాలసీ పుస్తకం తీయిస్తే "నెలలోని మొత్తం రోజులతో" అని ఉంది, 22 అన్న మాటే లేదు. అంటే 7,700 కోయాలి, 2,800 వెనక్కి రావాలి. వాళ్లేమో సాఫ్ట్‌వేర్‌లో 22 సెట్ అయి ఉంది కాబట్టి రోజులను 5 చేస్తాం, 3,000 ఇస్తాం అంటున్నారు. నాకు 200 ఎక్కువే. తీసుకోనా?

హాజరుపట్టీ
తీసుకోండి, కానీ ఇకమీదట ఏది అమలవుతుందో రాతలో అడగండి. ఈసారి 5 అని చేత్తో దిద్ది సెట్టింగ్ అలాగే వదిలేస్తే, వచ్చే నెల ఇంకొకరికి మళ్లీ 22 మీద 7 పడుతుంది.

శుక్రవారం_సెలవు
పుస్తకంలో ఉన్నదాని ప్రకారం 2,800 అడగడమే పద్ధతి అంటాను. ఇవాళ 200 కోసం 22 ఒప్పుకుంటే, రేపు ఒక్క రోజు మానేసినప్పుడు 1,100 బదులు 1,500 కోస్తారు. నోరెత్తడానికి ఉండదు.

నెలాఖరు
ఇది ఆలోచించలేదు.

21టు20
ఇంకో చిక్కుముడి. మా హాజరు 21వ తేదీ నుంచి 20 దాకా, జీతం మాత్రం నెలకు. ఫిబ్రవరి 23, 24 ఎల్‌ఓపీ మార్చి జీతంలో కోశారు. 28తో భాగించాలా, 31తోనా? 33,000 మీదే చూస్తే రెండు రోజులకు 2,357.14 లేదా 2,129.03.

ముప్పైస్థిరం
30 పెట్టుకుంటే ఈ ప్రశ్నే రాదు. 2,200.

టోటల్‌సెల్
ఫిబ్రవరి 21 నుంచి మార్చి 20 దాకా మామూలు ఏడాదిలో 28 రోజులు. ఆ సైకిలంతా రానివాణ్ని తీసుకుని 31తో భాగిస్తే 3,193.55 మిగిలిపోతుంది. మార్చి 21 నుంచి ఏప్రిల్ 20 దాకా 31 రోజులు, దాన్ని ఏప్రిల్ 30తో భాగిస్తే 34,100 కోత. కాబట్టి సైకిల్‌లో ఎన్ని రోజులుంటే వాటితోనే.

హాజరుపట్టీ
పరీక్షకు అది నిలుస్తుంది. కానీ కోసేది మార్చి జీతం, పే స్లిప్ మీద ఉండేది 31 రోజులు. "చెల్లించిన రోజులు 29, కోత 28తో" అని ఉద్యోగి చేతిలో పెడితే అతనికి పొంతన కనబడదు. పైగా మార్చి 20న ఉద్యోగం మానేస్తే మార్చి జీతాన్ని 31లో 20కి లెక్కేస్తారు, కోతను 28తో వేస్తారు. ఒకే స్లిప్ మీద రెండు హారాలు. నేనైతే 31కే మొగ్గుతాను, చివర్ల దగ్గర చేత్తో సరిచేసుకుంటాను.

టోటల్‌సెల్
చేత్తో సరిచేసేది లెక్కెలా అవుతుంది? స్లిప్ మీద హాజరు కాలం తేదీలు అచ్చు వేయించండి, ఉద్యోగికి అర్థమవుతుంది.

21టు20
మా స్లిప్ మీద ఆ తేదీలు లేవు. అడిగి చూస్తా.